దీపం వెలగకపోతే... బండి బాగున్నట్టేనా?

కారు తళతళలాడుతోంది. సీట్లకు కొత్త కవర్లు, టైర్లకు నల్లటి పాలిష్, లోపల మల్లెపూల వాసన. తాళం తిప్పగానే ఇంజిన్ స్టార్టయింది. డ్యాష్‌బోర్డు మీద ఒక్క హెచ్చరిక దీపం కూడా లేదు. ‘సింగిల్ హ్యాండ్ బండి సార్, ఇంజిన్ ఇంతవరకూ విప్పలేదు’ అంటున్నాడు బ్రోకరు. జేబులో బయానా డబ్బు సిద్ధంగా ఉంది. ఇక ఆలస్యం ఎందుకు?

సెకండ్ హ్యాండ్ కారు కొనే కుటుంబాలు ఎక్కువగా పొరపాటు చేసేది సరిగ్గా ఇక్కడే. రంగూ సొట్టలూ కంటికి కనిపిస్తాయి. ఇంజిన్ లోపలి జబ్బు కనిపించదు. పైగా దాన్ని రెండు మూడు రోజులపాటు దాచిపెట్టడం పెద్ద పనేం కాదు. దాన్ని బయటపెట్టడమూ పెద్ద పని కాదు. అరచేతిలో పట్టే ఓ స్కానరు, పని తెలిసిన ఓ మెకానిక్, సగం రోజు ఓపిక ఉంటే చాలు. అదెలాగో తెలియడానికి ఓ ఉదాహరణ చూద్దాం.

గుంటూరులో ఉండే ఓ రిటైర్డ్ మాస్టారు. భార్యను నెలకు రెండుసార్లు విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బస్సులు ఎక్కి దిగడం ఆవిడ వల్ల కావడం లేదు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి నాలుగు లక్షలు పక్కన పెట్టి ఓ చిన్న కారు కొనాలనుకున్నారు. విజయవాడలో 2016 మోడల్ పెట్రోల్ కారు దొరికింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్. మీటరు మీద 58 వేల కిలోమీటర్లు. ధర మూడు లక్షల అరవై వేలు. కొడుకు సాయంత్రం వెళ్లి చూసొచ్చాడు, నచ్చింది. వెళ్లేటప్పుడు ఊరికే పోలేదు, ఓ స్కానరు కూడా కొని పట్టుకెళ్లాడు.

అగ్గిపెట్టెంత డాక్టరు

ఇప్పటి కార్లలో ఇంజిన్‌ను నడిపేది ఈసీయూ అనే చిన్న కంప్యూటరు. పెట్రోలు ఎంత చిమ్మాలి, నిప్పురవ్వ ఎప్పుడు రావాలి అన్నది అదే నిర్ణయిస్తుంది. ఎక్కడైనా తేడా వస్తే ఓ నంబరు రూపంలో రాసిపెట్టుకుని, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ ఉన్న దీపాన్ని వెలిగిస్తుంది. ఆ రాతను బయటి నుంచి చదవడానికి ఉన్న పద్ధతే ఓబీడీ. అమెరికాలో దీని రెండో తరం, అంటే ఓబీడీ-2, 1996 నుంచి కార్లకు తప్పనిసరైంది. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకన్నా పాత కార్లలో కొన్నింటికి ఈ సదుపాయం ఉంటుంది, కొన్నింటికి ఉండదు.

స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాలికి దగ్గర్లో పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. కొన్ని బండ్లలో ఫ్యూజుల పెట్టె దగ్గర మూత వెనక దాక్కుని ఉంటుంది. బ్లూటూత్ స్కానరును అందులో గుచ్చి, సెల్‌ఫోన్‌లో యాప్ తెరిస్తే ఈసీయూ రాసుకున్నదంతా తెర మీద కనిపిస్తుంది. మామూలు స్కానర్లు ఐదారు వందల నుంచి రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతాయి. ఇవి ముఖ్యంగా ఇంజిన్ సంగతులే చెబుతాయి. బ్రేకుల ఏబీఎస్, ఎయిర్‌బ్యాగుల లోపాలు చదవాలంటే మెకానిక్ షెడ్డులో ఉండే పెద్ద స్కానరు కావాలి.

మాస్టారి అబ్బాయి స్కానరు గుచ్చి చూశాడు. తెర మీద ‘NO CODES’ అని వచ్చింది. ఒక్క తప్పు కూడా లేదన్నమాట! ఆ తెరను ఫొటో తీసుకుని, బయానా ఇరవై వేలు ఇచ్చేద్దామని నాన్నకు ఫోన్ చేశాడు. మాస్టారు తొందరపడలేదు. ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్న తన పాత శిష్యుడికి ఓ మాట చెప్పమన్నారు.

తుడిచేసిన పలక

శిష్యుడు ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న... ‘తప్పులు లేవని వచ్చింది సరే తమ్ముడూ, ‘రెడీనెస్’ అని ఇంకో పేజీ ఉంటుంది, అదేమంటోంది?’

అసలు కిటుకంతా ఇందులోనే ఉంది. స్కానరుతో తప్పుల్ని చదవడమే కాదు, చెరిపేయడమూ కుదురుతుంది. ఒక్క బటన్ నొక్కితే చాలు, దీపం ఆరిపోతుంది. బ్యాటరీ తీగ కాసేపు ఊడదీసి పెట్టినా చాలా బండ్లలో అదే జరుగుతుంది. జబ్బు అలాగే ఉంటుంది, చీటీ మాత్రమే చిరిగిపోతుంది. మళ్లీ అదే తప్పు పట్టుబడి దీపం వెలగాలంటే బండి కొంతదూరం తిరగాలి. చాలా తప్పుల విషయంలో ఈసీయూ మొదటిసారి కనిపెట్టగానే దీపం వెలిగించదు. ‘పెండింగ్’ అని రాసిపెట్టుకుంటుంది. రెండో ప్రయాణంలోనూ కనిపిస్తేనే ఖాయం చేసి దీపం వేస్తుంది. అమ్మేవాడికి కావలసినదల్లా ఆ కాస్త వ్యవధే.

అయితే చెరిపేసిన ఆనవాళ్లు కూడా ఈసీయూలోనే మిగులుతాయి. సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు, ఆక్సిజన్ సెన్సర్లు వంటి భాగాలను ఈసీయూ తనంతట తానే పరీక్షించుకుంటూ ఉంటుంది. ఆ పరీక్షల ఫలితాలే ‘రెడీనెస్ మానిటర్లు’. పరీక్ష పూర్తయితే ‘Complete’ అనీ, కాకపోతే ‘Incomplete’ అనీ కనిపిస్తుంది. ఆ పరీక్ష తమ మోడల్‌లో లేకపోతే ‘N/A’ అని ఉంటుంది, దానితో పేచీ లేదు. తప్పులు చెరిపేసినప్పుడు ఈ పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. కొన్ని ఒక్క ప్రయాణంలోనే పూర్తవుతాయి, కొన్నింటికి ఊళ్లోనూ హైవే మీదా కలిపి చాలా రోజులు తిప్పాల్సి వస్తుంది. రోజూ తిరిగే బండిలో ఇవన్నీ పూర్తయి ఉండాలి.

అబ్బాయి పంపిన రెండో ఫొటోలో క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్... రెండూ ‘Incomplete’. మెకానిక్ ఇంకో రెండు అంకెలు కూడా చూడమన్నాడు. ఒకటి ‘Distance since codes cleared’, అంటే తప్పులు చెరిపేశాక బండి తిరిగిన దూరం. తెర మీద 3 కిలోమీటర్లు ఉంది. రెండోది ‘Warm-ups since codes cleared’, అంటే చెరిపాక ఇంజిన్ చల్లారి మళ్లీ పూర్తిగా వేడెక్కిన సార్లు. సున్నా ఉంది. 58 వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో తప్పుల పుస్తకాన్ని ఎవరో మూడు కిలోమీటర్ల క్రితం తుడిచేశారన్నమాట!

ఇంతమాత్రానికే మోసం అని తేల్చేయకూడదు. కొత్త బ్యాటరీ వేసినా ఇలాగే కనిపించవచ్చు. ఏదో చిన్న సెన్సర్ మార్చి న్యాయంగా చెరిపి ఉండవచ్చు కూడా. అబ్బాయి అడిగితే బ్రోకరు వెంటనే ‘నిన్ననే బ్యాటరీ మార్చాం సార్’ అన్నాడు. కానీ బ్యాటరీ వారంటీ కార్డు మీద తేదీ చూస్తే రెండేళ్ల కిందటిది! ఏ కారణం చెప్పినా దానికి బిల్లు అడగాలి. బిల్లు లేకపోతే బండిని వందా రెండొందల కిలోమీటర్లు తిప్పనిచ్చి, నాలుగు రోజులాగి మళ్లీ స్కాన్ చేస్తామనాలి. నిజంగా చిన్న మరమ్మతే అయితే అమ్మేవాడికి ఇందులో పోయేదేం లేదు.

డ్యాష్‌బోర్డు దీపాన్ని కూడా ఊరికే నమ్మకూడదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టినప్పుడు ఇంజిన్ బొమ్మ దీపం తప్పకుండా వెలగాలి. స్టార్టయ్యాక ఆరిపోవాలి. మొదట అసలు వెలగనే లేదంటే దీపం తీగ తెగ్గొట్టడమో, మీద ఏదో అంటించడమో చేశారని అనుమానించాలి. అలాంటప్పుడు డ్యాష్‌బోర్డు చీకటిగా ఉన్నా స్కానరులో మాత్రం ‘MIL: ON’ అని కనిపిస్తుంది.

పొద్దున్నే వస్తాం... స్టార్ట్ చేయకండి

అబ్బాయి ఫొటోల్లో మెకానిక్ మరో సంగతి పట్టుకున్నాడు. ‘బండి ఈరోజు బయటికే తీయలేదు’ అని బ్రోకరు చెప్పాడు కదా. స్కానరు తగిలించిన క్షణంలో ఇంజిన్ కూలెంట్ వేడి 71 డిగ్రీలు, లోపలికి పోయే గాలి వేడి 34 డిగ్రీలు ఉంది. రాత్రంతా నిలిపి ఉంచిన ఇంజిన్‌లో ఈ రెండు అంకెలూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. అంత తేడా ఉందంటే చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ముందే ఇంజిన్ వేడి చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజిన్‌లో బయటపడే జబ్బులు చాలావరకు వేడెక్కాక సర్దుకుంటాయి. అందుకే కొన్ని బండ్లు మనం వెళ్లేసరికే వెచ్చగా ఎదురుచూస్తుంటాయి.

‘మాస్టారూ, రేపు ఏడింటికల్లా అక్కడుందాం. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. ప్లగ్గులు విప్పి చూస్తామని కూడా ఇప్పుడే చెప్పి ఒప్పించండి’ అన్నాడు మెకానిక్. ఈ రెండో మాట ముఖ్యం. బండి ఇంకా వాళ్లది. అనుమతి లేకుండా స్క్రూ కూడా విప్పకూడదు. పరీక్షకయ్యే ఖర్చు కొనేవాళ్లదే. మొదట ఇదంతా వద్దన్న బ్రోకరు, అయితే బండి వద్దులెమ్మనగానే దిగొచ్చాడు.

మర్నాడు మెకానిక్ ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు, చల్లగానే ఉంది. స్కానరులో కూలెంట్ 29, గాలి 28. అబ్బాయిని సైలెన్సర్ వెనక నిలబెట్టి తాళం తిప్పాడు. స్టార్టయిన వెంటనే బండి సన్నగా వణికింది. సైలెన్సర్ చప్పుడు ఒకే లయలో లేదు. మూడు దెబ్బలు కొట్టి నాలుగోది మింగుతున్నట్టుగా ఉంది. బ్రోకరు గబగబా యాక్సిలరేటర్ తొక్కి రేస్ ఇవ్వగానే చప్పుడు సర్దుకుంది. ‘చూశారా, ఎంత స్మూత్‌గా ఉందో!’ అన్నాడు. కాలు తీయమన్నాడు మెకానిక్. తీయగానే మళ్లీ వణుకు. షెడ్డు భాషలో చెప్పాలంటే ఇంజిన్ ‘మిస్సింగ్’ కొడుతోంది. ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదు.

ఆ సమయంలో పొగ రంగు కూడా చూడాలి. నీలిరంగు పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టు. తియ్యటి వాసనతో దట్టమైన తెల్ల పొగ, ఇంజిన్ వేడెక్కాక కూడా వస్తుంటే కూలెంట్ లోపలికి కారుతున్నట్టు. నల్ల పొగ అయితే ఇంధనం ఎక్కువగా పడుతున్నట్టు. చలి ఉదయాల్లో కాసేపు కనిపించి పోయే పల్చటి తెల్ల ఆవిరి మామూలే, దానికి భయపడక్కర్లేదు. ఈ బండిలో పొగ తేడాగా ఏమీ లేదు. జబ్బు మరోచోట ఉంది.

ఇరవై కిలోమీటర్లు బండి నడిపారు. స్కానరు తగిలించే ఉంచారు. తిరిగొచ్చేసరికి ఖాయమైన తప్పుల జాబితా ఖాళీగానే ఉంది. పెండింగ్ జాబితాలో మాత్రం ఒకటి పడింది... P0302. చివరి అంకె సిలిండర్ నంబరు. రెండో సిలిండర్ మిస్సింగ్ అని దానర్థం. నిన్నటి మూడు కిలోమీటర్ల రహస్యం ఇదే. చెరిపేసిన చీటీని ఈసీయూ మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

స్కానరు ఆగిపోయే చోటు

చాలామంది ఇక్కడే ఇంకో పొరపాటు చేస్తారు. తప్పు నంబరు దొరికింది కాబట్టి జబ్బు తెలిసిపోయిందనుకుంటారు. P0302 చెప్పేది రెండో సిలిండర్ సరిగా మండడం లేదని మాత్రమే. ఎందుకు మండడం లేదో చెప్పదు. నూటయాభై రూపాయల ప్లగ్గు పోయినా అదే నంబరు, ఇంజిన్ హెడ్డు దించాల్సి వచ్చినా అదే నంబరు. అడిగే ధర ఈ రెండింటిలో ఏది అన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. బ్రోకరు కూడా ‘ప్లగ్గు మారిస్తే సరిపోద్ది సార్, రెండొందల పని’ అనేశాడు.

మెకానిక్ వాదించలేదు. రెండో సిలిండర్ మీదున్న ఇగ్నిషన్ కాయిల్‌ను, ప్లగ్గును తీసి మూడో దాంట్లో పెట్టాడు. మూడో దాంట్లోవి తెచ్చి రెండో దాంట్లో బిగించాడు. లోపం వాటిలో ఉంటే మిస్సింగ్ కూడా వాటితోపాటు మూడో సిలిండర్‌కు మారి, నంబరు P0303 కావాలి. మళ్లీ కాసేపు తిప్పారు. మిస్సింగ్ కదల్లేదు. రెండో సిలిండర్‌లోనే ఉంది. అంటే లోపం పైన బిగించే సామానులో లేదు.

ఇక మిగిలింది కంప్రెషన్ పరీక్ష. పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో ఇది చెబుతుంది. ఇంజిన్ వేడిగా ఉండగానే నాలుగు ప్లగ్గులూ విప్పాడు. పెట్రోలు చిమ్మకుండా ఇంధన పంపు ఫ్యూజు, నిప్పురవ్వ రాకుండా కాయిళ్ల తీగలు తీసేశాడు. ప్లగ్గు రంధ్రంలో మీటరు బిగించి, అబ్బాయిని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఐదారు సెకన్లు స్టార్టర్ తిప్పమన్నాడు. ముల్లు పైకెక్కి ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకున్నాడు. ఒకటో సిలిండర్ 175 పీఎస్ఐ. రెండోది 110. మూడోది 170. నాలుగోది 178.

ఇంత ఉండాలి అన్న అంకె ఇంజిన్‌ను బట్టి, మీటరును బట్టి మారుతుంది. అందుకే అసలు చూడాల్సింది సిలిండర్ల మధ్య తేడా. పది పదిహేను శాతం లోపు ఉంటే ఇంజిన్ సమంగా అరుగుతున్నట్టు. ఇక్కడ రెండోది మిగతావాటిలో మూడింట రెండొంతులు కూడా లేదు.

గాలి ఎటు పోతోంది? దానికీ ఓ చిన్న పరీక్ష ఉంది. ఆ సిలిండర్‌లో ఓ చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ మీటరు పెట్టాలి. ఆయిల్ పిస్టన్ రింగుల చుట్టూ చేరి సందుల్ని మూస్తుంది. అప్పుడు ముల్లు బాగా పైకి లేస్తే రింగులు అరిగినట్టు. లేవకపోతే లోపం పైన, వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉన్నట్టు. ఆయిల్ పోశాక 110 కాస్తా 116 అయింది. అంతే.

ఇక చివరిది. రెండో పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి ఆపి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పంపించాడు. ఆయిల్ పోసే మూత దగ్గర బుస వినిపిస్తే రింగులు, కూలెంట్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్, గాలి ఫిల్టరు వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. మాస్టారు స్వయంగా వెనక్కి వెళ్లి వంగి విన్నారు. సైలెన్సర్‌లోంచి బుస్సుమంటూ గాలి వస్తోంది. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వు సరిగా మూసుకోవడం లేదన్నమాట.

రేస్ ఇవ్వగానే చప్పుడు సర్దుకోవడానికి కారణం కూడా ఇదే. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి కారిపోవడానికి ఎక్కువ సమయం ఉంటుంది. వేగం పెరిగితే కారిపోయేలోపే మండడం మొదలవుతుంది. అందుకే ఇలాంటి బండిని అమ్మేవాళ్లు ఐడ్లింగ్‌లో ఉంచనివ్వరు. ఊరికూరికే యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉంటారు.

డిక్కీలో దొరికిన ఆధారం

58 వేల కిలోమీటర్లకే వాల్వు పాడవడం మెకానిక్‌కు నమ్మబుద్ధి కాలేదు. బానెట్ కింద టార్చి వేసి చూస్తే గాలి వెళ్లే మ్యానిఫోల్డు మీద నాలుగు చిన్న రంధ్రాలు, వాటిని మరలతో మూసిన గుర్తులు కనిపించాయి. డిక్కీలో కార్పెట్ ఎత్తితే నేలలో నాలుగు బోల్టు రంధ్రాలు, వాటి చుట్టూ తుప్పు. ఒకప్పుడు ఈ కారుకు బయట సీఎన్‌జీ కిట్ బిగించి, అమ్మే ముందు తీసేశారన్నమాట. ఆర్‌సీ కార్డు తీసుకుని ఇంధనం అన్న చోట చూస్తే ‘PETROL/CNG’ అనే ఉంది! నిన్న అబ్బాయి ఓనరు పేరు, మోడల్ సంవత్సరం చూశాడు కానీ ఆ గడి చూడలేదు.

సీఎన్‌జీ వాడితే ఇంజిన్ పాడవుతుందని కాదు. పెట్రోలుకు ఉండే తడి గ్యాసుకు ఉండదు. వాల్వులూ అవి కూర్చునే సీట్లూ ఎక్కువ అరుగుతాయి. అందుకే కంపెనీలోనే గ్యాసు కోసం తయారయ్యే ఇంజిన్లలో సాధారణంగా గట్టి రకం సీట్లు వాడతారు. పెట్రోలు ఇంజిన్‌కు బయట కిట్ బిగించి, ట్యూనింగూ వాల్వుల సందూ పట్టించుకోకుండా ఏళ్లతరబడి తిప్పితే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయే ప్రమాదం ఉంది. ఇంకో అనుమానం కూడా వస్తుంది. కిట్ బిగించేది ఎక్కువగా తిరిగేవాళ్లే. మరి మీటరు మీది 58 వేలు నిజమేనా? కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డులో ప్రతి సర్వీసింగు నాటి కిలోమీటర్లు ఉంటాయి. వాటితో పోల్చి చూడనిదే ఆ అంకెను నమ్మలేం. పైగా కిట్ తీసేశాక ఆర్‌సీలో మార్పించకపోతే ఆ తంటా కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

లెక్క వేస్తే తేలింది

నలుగురూ పక్కనే ఉన్న టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. మెకానిక్ లెక్క చెప్పాడు. హెడ్డు దించి, వాల్వులు మార్చి, సీట్లు గ్రైండింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి మళ్లీ బిగించాలంటే తక్కువలో తక్కువ ముప్ఫై వేలు. హెడ్డు దించితే గానీ మిగతా సిలిండర్ల సంగతి తెలియదు. అంతకన్నా భయపెట్టే సంగతి క్యాటలిటిక్ కన్వర్టరు. మిస్సింగ్ కొట్టే సిలిండర్‌లోంచి మండని పెట్రోలు వెళ్లి కన్వర్టరులో మండుతుంది. ఆ వేడికి లోపలి జల్లెడ కరిగి పాడవుతుంది. కొత్తది కొనాలంటే వేలల్లోనే పని. అది బాగుందో లేదో చెప్పాల్సిన మానిటరేమో చెరిపేయడం వల్ల ‘Incomplete’ అని ఊరుకుంది.

బ్రోకరు పదిహేను వేలు తగ్గిస్తానన్నాడు. మాస్టారు శిష్యుడి మొహంలోకి చూశారు.

‘మాస్టారూ, తెలిసిన జబ్బుకు ధర కట్టొచ్చు. తెలియని జబ్బుకు కట్టలేం. అమ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్లే బండి ఇది. వారధి మీద ఆగిపోతే?’ అన్నాడతను.

మాస్టారు లేచి నిలబడ్డారు. పరీక్షకు రెండు వేలు, స్కానరుకు వెయ్యి. మూడు వేలు ఖర్చయింది. ఇరవై వేల బయానా జేబులోనే ఉంది.

రెండో బండి

మూడు వారాలకు ఇంకో కారు చూశారు. అదే మోడల్, ఒక ఏడాది పాతది. 71 వేల కిలోమీటర్లు తిరిగింది. రంగు అక్కడక్కడా వెలిసింది, వెనక బంపరుకు గీతలున్నాయి. పక్క పక్కన పెడితే మొదటి కారే అందంగా ఉంటుంది. స్కానరు తగిలిస్తే మానిటర్లన్నీ ‘Complete’. చెరిపేశాక తిరిగిన దూరం 4,300 కిలోమీటర్లు. పొద్దున చల్లటి ఇంజిన్ ఒక్క తిప్పుకే స్టార్టయి నిలకడగా తిరిగింది. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ 165 నుంచి 172 లోపే ఉంది. ఆయిల్ మూత లోపల తెల్లటి నురుగు లేదు, అంటే ఆయిల్‌లో నీళ్లు కలవలేదు. సర్వీస్ రికార్డులో కిలోమీటర్లు వరసగా పెరుగుతూ వచ్చాయి.

లోపాలు లేవని కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోంది. కింద నుంచి చూస్తే ఒక యాక్సిల్ రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్ముతోంది. ఈ రెండూ స్కానరుకు కనిపించవు. క్లచ్ అరుగుదల, ఆయిల్ కారడం, టైమింగ్ చైన్ చప్పుడు, ఇంజిన్ కింది మౌంటింగ్ రబ్బర్లు... ఇవన్నీ చెవికీ కంటికీ చేతికీ దొరకాల్సినవే. ఈసీయూకు తెలిసేది తన సెన్సర్లు చెప్పినంతే. మెకానిక్ రెండింటికీ కలిపి పదకొండు వేలని కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం చూపించి అంతే తగ్గించి కొన్నారు. తెలిసిన జబ్బుకు ధర కట్టడం అంటే ఇదే.

డీజిల్ బండి అయితే ప్లగ్గులుండవు, మీటరు రకమూ వేరు. అంకెలు పెట్రోలు బండి కన్నా చాలా ఎక్కువగా ఉంటాయి. అక్కడ ముందు చూడాల్సింది ఆయిల్ మూత. ఇంజిన్ తిరుగుతుండగా మూత తీస్తే పొగ ఆవిరిలా గుప్పున పొంగుతుంటే రింగులు అరిగినట్టు అనుమానించాలి. ఇంజెక్టర్లు ఒక్కోటీ ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో చిన్న సీసాల్లో పట్టి పోల్చే పరీక్ష కూడా చేయించుకోవాలి. ఇంజెక్టర్లు మార్చాల్సి వస్తే పెట్రోలు బండి కన్నా ఖర్చు బాగా ఎక్కువ.

పరీక్ష చేసే మెకానిక్ మనం తీసుకెళ్లినవాడే అయి ఉండాలి. బ్రోకరు చూపించిన షెడ్డులో, అతను చెప్పిన మనిషితో చేయిస్తే స్కానరు ఉన్నా ఉపయోగం లేదు. చూసిన ప్రతి తెరనూ ఫొటో తీసి ఉంచుకోవాలి. మొదటిరోజు అంకెలకూ రెండోరోజు అంకెలకూ మధ్య తేడాలోనే చాలాసార్లు అసలు కథ ఉంటుంది. ముఖ్యంగా ‘NO CODES’ అని వచ్చినప్పుడు సంబరపడేలోపు పక్క పేజీ తిప్పాలి. ఎన్ని కిలోమీటర్ల నుంచి తప్పులు లేవో అక్కడ రాసి ఉంటుంది.

ఆ మొదటి కారు నెల తర్వాత వేరే ఎవరింటి ముందో కనిపించిందని మాస్టారి అబ్బాయి చెప్పాడు. ఇంజిన్ బొమ్మ దీపం అప్పటికే వెలుగుతోందట.